విశాఖలో రోజూ ఆఫీసుకి సొంత బండా, యాప్ బైకా? నెల ఖర్చు, పట్టే టైం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ లెక్క ఏ దారి మీద, ఏ రేట్ల మీద వేశారు?

అక్కయ్యపాలెం నుంచి రుషికొండ ఐటీ హిల్స్ దాకా. హైవే ఎక్కి మద్దిలపాలెం, ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక, ఎండాడ మీదుగా వెళ్లి కుడివైపు కొండెక్కితే ఒక వైపుకి సుమారు 13 కిలోమీటర్లు. రానూ పోనూ 26. నెలకి 22 పనిదినాలు అనుకున్నాం, అంటే నెలకి 572 కిలోమీటర్లు.

బండి 110 సీసీ పెట్రోలు స్కూటర్, ఆన్ రోడ్ లక్ష రూపాయల దగ్గర. పెట్రోలు లీటరు 108 రూపాయలు అనుకున్నాం. మైలేజీ లీటరుకి 45. కంపెనీ ప్రకటనలో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది కానీ మద్దిలపాలెం సిగ్నల్, పైగా కొండ ఎక్కుడు ఉన్న దారిలో 45 వస్తే మంచి బండే. యాప్ రేట్లు ఈ దారికి మామూలు రోజున కనిపించే స్థాయిలో వేసిన అంచనాలు. మీ ఫోన్‌లో పది రూపాయలు అటూ ఇటూ ఉంటే ఆ అంకె పెట్టుకుని లెక్క తిరగేయండి. పద్ధతి మారదు.

బండికి నెలకి నిజంగా ఎంత అవుతుంది? పెట్రోలుకి పదిహేను వందలు చాలు కదా?

పెట్రోలు వరకైతే చాలు, పదిహేను వందలు కూడా కాదు. 45 మైలేజీకి కిలోమీటరుకి 2 రూపాయల 40 పైసలు, నెలకి సుమారు 1,370. అందరూ ఇక్కడితో ఆపేసి "బండి ఎంత చవకో" అంటారు. కానీ బండి ఖర్చుకి రెండు భాగాలు ఉంటాయి, వాటిని కలిపేస్తే లెక్క పాడవుతుంది.

మొదటిది, తిరిగితేనే అయ్యే ఖర్చు. పెట్రోలుతో పాటు సర్వీసింగ్, ఇంజిన్ ఆయిల్, టైర్లు, బ్రేక్ షూలు, బెల్టు, బ్యాటరీ. ఏడాదికి దాదాపు 6,900 కిలోమీటర్లు తిరిగే బండికి మూడు సర్వీసులు, ఒక్కోటి వెయ్యి చొప్పున వేసుకుంటే కిలోమీటరుకి 43 పైసలు. టైర్లు, బెల్టు, బ్యాటరీ మూడు నాలుగేళ్లకోసారి ఒకేసారి మీద పడతాయి. వాటిని కిలోమీటర్లకి పంచితే ఇంకో 37 పైసలు. అంటే రిపేర్లన్నీ కలిపి 80 పైసలు. పెట్రోలుతో కలిపి కిలోమీటరుకి 3 రూపాయల 20 పైసలు, రోజుకి 83 రూపాయలు, నెలకి 1,830.

రెండోది, బండి కదలకపోయినా అయ్యే ఖర్చు. లక్షకి కొన్న స్కూటర్‌ని ఐదేళ్ల తర్వాత 40,000కి అమ్మితే 60,000 కరిగిపోయినట్టు. నెలకి వెయ్యి. లోన్ వడ్డీ నెలకి 240 (ఇది ఎలా వచ్చిందో తర్వాతి ప్రశ్నలో ఉంది). ఇన్సూరెన్స్ నెలకి 170. పొల్యూషన్ సర్టిఫికెట్, హెల్మెట్, రెయిన్ కోట్ కలిపి 90. మొత్తం 1,500.

రెండూ కలిపితే నెలకి 3,330 రూపాయలు. చేతిలోంచి పెట్రోలు డబ్బులు పోతున్నప్పుడు తెలుస్తుంది, విలువ తరుగుతున్నప్పుడు తెలియదు. అమ్మే రోజున ఒకేసారి తెలుస్తుంది.

మరి ఈఎంఐ ఎందుకు కలపలేదు? నాకు నెలకి రెండున్నర వేలు పైనే పోతోంది.

ఈఎంఐ కలిపితే ఒకే ఖర్చు రెండుసార్లు లెక్కేసినట్టు అవుతుంది. 80,000 లోన్, 11 శాతం వడ్డీ, 36 నెలలు అనుకుంటే ఈఎంఐ సుమారు 2,620. మూడేళ్లలో మీరు కట్టేది 94,300. ఇందులో 80,000 బండి ధరే, అది విలువ తరుగుదల కింద మన లెక్కలో ఇప్పటికే ఉంది. కొత్తగా పడే భారం 14,300 వడ్డీ మాత్రమే. దాన్ని బండి వాడే ఐదేళ్లకి, అంటే 60 నెలలకి పంచితే 240.

నగదు పెట్టి కొన్నవాళ్లు వడ్డీ లేదని సంబరపడనక్కర్లేదు. ఆ లక్ష బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ పోయింది కాబట్టి ఈ గళ్లో సున్నా రాయడం సరికాదు.

అయితే చేతిలో డబ్బు సర్దుబాటు వేరే విషయం. మొదటి మూడేళ్లు మీ జేబులోంచి నెలకి పోయేది 2,620 ఈఎంఐ, 1,830 తిరుగుడు ఖర్చు కలిపి 4,450. జీతం గట్టిగా ఉన్న నెలల్లో ఈ తేడా పెద్దగా అనిపించదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి మాత్రం నిజంగా టెన్షన్ పెట్టేది ఈ అంకే, 3,330 కాదు.

అదే దారికి యాప్‌లో నెలకి ఎంత?

యాప్ బైక్‌కి పొద్దున 115, సాయంత్రం 125 అనుకుంటే రోజుకి 240. నెలకి 5,280. యాప్ ఆటోకి ఒక వైపు 240 అనుకుంటే రోజుకి 480, నెలకి 10,560.

ఈ దారిలో ఆటో రోజువారీ ప్రయాణానికి అసలు పోటీలోనే లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే తప్ప ఆటోని వాన రోజుకి, లగేజీ రోజుకి, ఒంట్లో బాగోలేని రోజుకి ఉంచుకోవడమే. కాబట్టి ఇక్కడి నుంచి పోలిక ప్రధానంగా సొంత స్కూటర్‌కీ యాప్ బైక్‌కీ మధ్యే.

బుక్ చేసేటప్పుడు కనిపించే రేటుకీ చివరికి ఇచ్చే డబ్బుకీ మధ్య కొంచెం తేడా వస్తుంది. బైక్ దొరకనప్పుడు త్వరగా ఒప్పుకుంటారని మీరే పది, ఇరవై అదనంగా కలుపుతారు. కొండ మీదికి అనగానే కొందరు క్యాప్టెన్లు ఫోన్ చేసి "పైకి వస్తే ఇంకో ఇరవై ఇవ్వండి" అంటారు. అందుకే యాప్‌లో చూసిన రేటుతో కాకుండా ఫోన్‌పే హిస్టరీలో పోయిన డబ్బుతో లెక్క వేయండి.

నెలకి ఎన్ని రోజులు ఆఫీసుకి వెళ్తే బండి కొనడం గిట్టుబాటు?

ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. చాలామంది అడిగేది మాత్రం "ఏది చవక" అని. రోజులు చెప్పకుండా దానికి జవాబు ఉండదు.

బండి తీస్తే రోజుకి 83 అవుతుంది, యాప్ బైక్‌కి 240. బండి తీసిన ప్రతి రోజూ మీకు 157 మిగులుతుంది. కానీ నెల మొదలయ్యేసరికే బండి 1,500 తినేసి కూర్చుంటుంది. ఆ 1,500 తిరిగి రావాలంటే 157 చొప్పున దాదాపు పది రోజులు పడుతుంది.

అంటే నెలకి పది రోజుల కంటే ఎక్కువ వెళ్లేవాళ్లకి బండి చవక, తక్కువ వెళ్లేవాళ్లకి యాప్ బైక్ చవక. 22 రోజులు వెళ్లేవాళ్లకి బండి నెలకి 1,950 మిగులుస్తుంది. వారానికి రెండు రోజులే ఆఫీసు ఉన్నవాళ్లకి నెలకి ఎనిమిది తొమ్మిది రోజులే అవుతాయి. కేవలం ఆఫీసు కోసమైతే వాళ్లు బండి కొనక్కర్లేదు. మూడు రోజుల వాళ్లు గీత దాటతారు కానీ మిగిలేది నెలకి నాలుగైదు వందలే.

ఆటోతో పోలిస్తే నాలుగు రోజులకే బండి ఖర్చు తిరిగొస్తుంది.

మా ఆఫీసు నాలుగు కిలోమీటర్లే. దగ్గరకి బండే చవక కదా?

చాలామంది అనుకునేదానికి ఇది తలకిందులుగా ఉంటుంది. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం వెళ్లేవాళ్లని తీసుకోండి, ఒక వైపు సుమారు నాలుగు కిలోమీటర్లు. యాప్ బైక్‌కి రానూ పోనూ 95 అవుతుంది అనుకుందాం. బండికి ఎనిమిది కిలోమీటర్లకి 26. రోజుకి మిగిలేది 69 మాత్రమే. నెల మొదట్లో పడే 1,500 మాత్రం తగ్గలేదు. దాన్ని రాబట్టాలంటే 22 రోజులు కావాలి. అంటే నెలంతా వెళ్లినా రెండూ సమానమే, సుమారు 2,080 దగ్గర.

దూరం పెరిగేకొద్దీ బండికి అనుకూలం, తగ్గేకొద్దీ యాప్‌కి అనుకూలం. కారణం తేలికే: యాప్ వసూలు చేసేది కిలోమీటరుకి, బండి విలువ తరిగేది నెలకి. గాజువాక నుంచి మధురవాడ దాకా వెళ్లేవాళ్లకి అయితే రోజుల లెక్క వేయడం కూడా అనవసరం, వారానికి ఒకటి రెండు రోజులు వెళ్లినా బండి ఖర్చు వచ్చేస్తుంది. అంత దూరం హైవేలో లారీల మధ్య రోజూ తోలగలరా అన్నది వేరే ప్రశ్న.

బండి ఇంట్లో ఇప్పటికే ఉంది. ఇప్పుడు యాప్‌కి మారితే డబ్బు మిగులుతుందా?

బండిని అమ్మితేనే. అమ్మకుండా ఇంట్లో పెట్టుకుని యాప్ బైక్ ఎక్కితే 1,500లో పెద్ద భాగం ఎలాగూ పోతూనే ఉంటుంది. దాని మీద రోజుకి 240 అదనం. అప్పుడు పోల్చాల్సింది 83నీ 240నీ మాత్రమే, ఏ దూరానికైనా బండే గెలుస్తుంది.

అలాగే, బండిని ఆఫీసుకే కాకుండా రైతుబజారుకి, పిల్లల ట్యూషన్‌కి, ఆదివారం సింహాచలానికి కూడా వాడే ఇంట్లో ఆ 1,500 మొత్తాన్ని ఆఫీసు ఖాతాలో రాయడం న్యాయం కాదు. సగం ఇంటి ఖాతాలో వేస్తే గిట్టుబాటు గీత పది రోజుల నుంచి ఐదుకి దిగిపోతుంది. "లెక్క ప్రకారం యాప్ చవక, అయినా బండి కొన్నాం" అని చెప్పే ఇళ్లు తప్పు చేసినట్టేం కాదు.

టైం సంగతి? యాప్ బైక్ కూడా బైకే కదా, తేడా ఎందుకు వస్తుంది?

రోడ్డు మీద తేడా ఏమీ రాదు. అక్కయ్యపాలెం నుంచి కొండ దాకా పొద్దున తొమ్మిది ప్రాంతంలో రెండింటికీ సుమారు 35 నిమిషాలు. ఇసుకతోట, హనుమంతవాక దగ్గర అందరూ ఒకేలా ఆగుతారు. తేడా అంతా బండి ఎక్కకముందు, దిగిన తర్వాత.

సొంత బండికి సెల్లార్‌లోంచి తీయడం, హెల్మెట్ పెట్టుకోవడం, ఆఫీసు దగ్గర పార్కింగ్, అక్కడి నుంచి నడక కలిపి ఆరు నిమిషాలు. మొత్తం 41. యాప్ బైక్‌కి పొద్దున ఎవరో ఒకరు ఒప్పుకోవడం, ఇంటి ముందుకి రావడం కలిపి తొమ్మిది నిమిషాలు. మొత్తం 44. పొద్దున్నే చూస్తే పెద్ద తేడా లేదు. సాయంత్రం ఐటీ హిల్ మీది నుంచి ఎదురుచూపు పదిహేను నిమిషాలకి పోతుంది, బండికి అదే ఆరు. రెండు పూటలా కలిపి రోజుకి 12 నిమిషాలు, నెలకి దాదాపు నాలుగు గంటల ఇరవై నిమిషాలు.

బండికీ దాచిన టైం ఖర్చు ఉంది. పెట్రోలు బంకు దగ్గర నెలకి అరగంట, సర్వీసింగ్‌కి ఇచ్చి తెచ్చుకోవడం నెలకి సగటున నలభై నిమిషాలు. అవి తీసేస్తే నికరంగా బండి మిగిల్చేది నెలకి మూడు గంటల పైమాట.

అయినా సగటు చూసి మోసపోకండి. యాప్ విషయంలో అసలు ఇబ్బంది ఎదురుచూపు సగటుది కాదు, దాని ఊగిసలాటది. ఒకరోజు మూడు నిమిషాల్లో బైక్ వస్తుంది. ఇంకోరోజు ఒకరు ఒప్పుకుని కదలరు, రెండోవాళ్లు "డ్రాప్ ఎక్కడ?" అని అడిగి క్యాన్సిల్ చేస్తారు, మూడోవాళ్లు వచ్చేసరికి ఇరవై నిమిషాలు. లాగిన్ తొమ్మిదిన్నరకి తప్పనిసరి అయితే మీరు రోజూ ఆ చెడ్డ రోజుని దృష్టిలో పెట్టుకునే బయల్దేరాలి. బైక్ తొందరగా వచ్చిన రోజున మిగిలిన పావుగంట ఆఫీసు కెఫెటేరియాలో పోతుంది, మీకు తిరిగి రాదు. కాబట్టి లెక్కలో వేయాల్సింది సగటు ఎదురుచూపు కాదు, మీరు ముందుగా బయల్దేరే నిమిషాలు. ఫ్లెక్సీ టైమింగ్ ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, వాళ్లకి పైన చెప్పిన సగటే సరిపోతుంది.

సాయంత్రం కొండ మీద బుకింగ్ దొరకడం ఎందుకంత కష్టం?

క్యాప్టెన్ వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. ఎండాడ జంక్షన్‌లో ఉన్న మనిషి కొండ మీదికి రెండు మూడు కిలోమీటర్లు ఖాళీగా, పెట్రోలు తాగే ఎక్కుడు మీద రావాలి. ఆ దూరానికి అతనికి వచ్చేది తక్కువ. అదే టైంలో కింద హైవే మీద, మద్దిలపాలెంలో సవారీలు దండిగా ఉంటాయి. పైగా షిఫ్టులు ఒకేసారి వదిలితే పైన అడిగేవాళ్లు వందల్లో, ఉన్న బైకులు పదుల్లో.

దీనికి పనికొచ్చే ఉపాయాలు రెండున్నాయి. ఒకటి, షిఫ్టు వదిలిన పావుగంట తర్వాత బుక్ చేయడం. రేటు, ఎదురుచూపు రెండూ దిగుతాయి. రెండోది, ఎవరి బండి మీదైనా ఎండాడ జంక్షన్ దాకా దిగి అక్కడ బుక్ చేయడం. హైవే మీద నగరం వైపు వెళ్లే బైక్ దొరకడం తేలిక, రేటు కూడా ఇరవై ముప్పై తగ్గుతుంది.

వాన పడితే రేటు రెట్టింపు చూపిస్తోంది. దానికి హద్దు లేదా?

యాప్ రవాణా సంస్థల కోసం కేంద్రం 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రద్దీ వేళల్లో బేస్ ఫేర్‌కి రెండు రెట్ల వరకు వసూలు చేయవచ్చు. రద్దీ లేనప్పుడు సగానికంటే తగ్గించకూడదు. సరైన కారణం లేకుండా క్యాన్సిల్ చేస్తే, అది డ్రైవరైనా ప్రయాణికుడైనా, ఛార్జీలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయల పెనాల్టీ. బేస్ ఫేర్ ఖరారు చేయాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలు.

ఖర్చు లెక్కలో వాన రెండు వైపులా పడుతుంది, అది మర్చిపోతుంటారు. కుండపోత వాన రోజున బండి ఉన్నవాళ్లూ ఆటో ఎక్కుతారు, యాప్ బైక్ వాళ్లూ ఆటోకే మారతారు. ఆ రోజు ఇద్దరి ఖర్చూ ఒకటే, ఐదారు వందలు. కాబట్టి వాన బండిని గెలిపించదు, ఓడించదు. అక్టోబర్, నవంబర్ తుపాను రోజుల్లో అయితే యాప్‌లో బైకులూ ఉండవు, హైవే మీద ఈదురుగాలికి స్కూటర్ నిలబడదూ. ఆ రోజులకి వర్క్ ఫ్రం హోం అడగడమే.

నెల పాస్ కొంటే యాప్ ఖర్చు తగ్గుతుందా?

పాస్ ధర కాదు, దాని షరతులు చూడండి. సవారీకి గరిష్ఠ తగ్గింపు ఎంత, ఎన్ని సవారీలకి, ఎన్ని రోజుల్లో వాడాలి. సవారీకి పది రూపాయలు తగ్గే, ఇరవై సవారీల పాస్ అంటే గరిష్ఠ లాభం 200, అందులోంచి పాస్ ధర తీసేయాలి. రేటు పెరిగిన వేళ ఆ పది ఎలాగూ కనిపించదు. ఒక్క యాప్‌కి కట్టుబడిపోవడం కూడా నష్టమే, ఎందుకంటే రాపిడో, ఊబర్, ఓలా రేట్లు ఒకే నిమిషంలో వేరువేరుగా ఉంటాయి. రెండు యాప్‌లు తెరిచి పోల్చే అలవాటు చాలాసార్లు పాస్ కంటే ఎక్కువ మిగులుస్తుంది.

సెకండ్ హ్యాండ్ బండి అయితే లెక్క మారుతుందా?

బాగా మారుతుంది. 45,000కి కొని మూడేళ్ల తర్వాత 25,000కి అమ్మితే విలువ తరుగుదల నెలకి 560 లోపే. రిపేర్లు ఎక్కువవుతాయి కాబట్టి కొంత కలిపినా కదలని ఖర్చు నెలకి వెయ్యి దగ్గర ఆగుతుంది. గిట్టుబాటు గీత పది నుంచి ఏడు రోజులకి దిగుతుంది. వారానికి రెండు రోజుల ఆఫీసు వాళ్లకి ఒకవేళ బండి కావాల్సి వస్తే, నా ఓటు దీనికే.

విశాఖలో సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు మిగతా ఊళ్లలో లేని తలనొప్పి ఒకటుంది, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో, పెదవాల్తేరు వైపు బయట నిలబెట్టిన బండికి తుప్పు త్వరగా పడుతుంది. పైన పెయింట్ తళతళలాడుతుంటుంది, దాన్ని చూసి నమ్మొద్దు. ఫుట్‌బోర్డు కింద ఫ్రేమ్, సైలెన్సర్ ఇంజిన్‌కి కలిసే చోటు, ముందు ఫోర్క్ పైపులు, సెంటర్ స్టాండ్ స్ప్రింగ్ టార్చి వేసి చూడండి. గోరుతో గీకితే పొరలుగా రాలే తుప్పు ఉంటే ధర తగ్గించడం కాదు, బండే వదిలేయండి. సైలెన్సర్ మార్చుకోవచ్చు, ఫ్రేమ్ మార్చుకోలేరు. అప్పుడప్పుడు స్టార్ట్ అవ్వడానికి మొరాయించడం, హారన్ ఒకసారి మోగి ఒకసారి మోగకపోవడం వైరింగ్ కనెక్టర్లలోకి ఉప్పు దిగిందనడానికి గుర్తులు.

ఆర్సీ పేరు మార్పు, ఇన్సూరెన్స్ పేరు మార్పు రెండూ అయ్యాకే మొత్తం డబ్బు ఇవ్వండి.

ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే?

తిరుగుడు ఖర్చు కిలోమీటరుకి 3 రూపాయల 20 పైసల నుంచి సుమారు 80 పైసలకి పడిపోతుంది. వంద కిలోమీటర్లకి మూడున్నర యూనిట్లు అనుకుంటే మన దారికి నెలకి 20 యూనిట్లు. అవి మీ ఇంటి కరెంటు బిల్లులో ఏ శ్లాబు మీద పడతాయో చూసుకోవాలి. ఆఖరి శ్లాబు ఆరు రూపాయలైతే 120, ఎనిమిది ముప్పావు అయితే 175. పెట్రోలు 1,370తో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

కానీ ధర ఎక్కువ, అమ్మకం విలువ తక్కువ. లక్షా పాతిక వేలకి కొని ఐదేళ్లకి 25,000 వస్తుందనుకుంటే కదలని ఖర్చు నెలకి 2,200 పైనే. 22 రోజులు తిరిగేవాళ్లకి మొత్తం 2,690 దగ్గర తేలి పెట్రోలు బండి కంటే ఆరు వందలు మిగులుతుంది. పది రోజులే తిరిగితే మిగలదు సరికదా, వంద రూపాయలు ఎక్కువే అవుతుంది. ఎక్కువ తిరిగేవాళ్ల బండి అది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీ మీటర్ నుంచి ప్లగ్ పాయింట్ వేయడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో బుక్ చేయకముందే కనుక్కోండి.

ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదా. దాన్ని యాప్‌తో కలిపితే?

ఈ దారిలో డబ్బు పరంగా అన్నిటికంటే తక్కువ అదే. స్త్రీ శక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ మహిళలకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు కట్టక్కర్లేదు. గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి. మధురవాడ వైపు వెళ్లే బస్సు ఎక్కి ఎండాడలో దిగి, కొండ మీదికి మాత్రం యాప్ బైక్ లేదా ఆటో. ఆ ముక్కకి ఒక వైపు 40 అనుకుంటే నెలకి 1,760. సొంత బండి 3,330లో సగం కంటే కొంచెం ఎక్కువ.

ఖర్చులో మిగిలింది టైంలో పోతుంది. బస్సు కోసం ఆగడం, రద్దీ, ఎండాడలో మళ్లీ బుకింగ్ కలిపి ఒక వైపు గంట దాటుతుంది, 41 నిమిషాల చోట. రోజుకి నలభై నిమిషాలకి పైగా అంటే నెలకి పదిహేను గంటలు. ఆ గంటలకి మీరు ఇచ్చే విలువ గంటకి వంద దాటితే బండే నయం, దాటకపోతే బస్సు. పొద్దున బస్సు, సాయంత్రం నేరుగా యాప్ బైక్ అనే మధ్యదారిని కూడా చాలామంది పట్టుకుంటున్నారు.

హెల్మెట్, ప్రమాద బీమా విషయంలో యాప్ బైక్‌కీ సొంత బండికీ తేడా ఉందా?

హెల్మెట్ విషయంలో లేదు. విశాఖలో వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి అని పోలీసులు 2024 సెప్టెంబర్ 1 నుంచి అమలు చేస్తున్నారు. క్యాప్టెన్ ఇచ్చేది వదులుగా, తడిగా ఉండొచ్చు. రోజూ యాప్ బైక్ ఎక్కేవాళ్లు సొంత హెల్మెట్ కొనుక్కోవడం మంచిది, ఖర్చు వెయ్యి దాటదు.

బీమాలో ఉంది. సొంత బండి పాలసీలో నడిపే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ పెట్టించుకోవచ్చు, రెన్యువల్ వేళ డబ్బు తగ్గుతుందని దాన్ని తీసేసినవాళ్లు కనిపిస్తుంటారు. అది తీసేయొద్దు. 75 నుంచి 150 సీసీ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు, అది ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే. యాప్ బైక్ ఎక్కేటప్పుడు నంబర్ ప్లేటు యాప్‌లో చూపించినదేనా అని చూడండి. వేరే బండి మీద వచ్చాడంటే, ఏదైనా జరిగినప్పుడు ఆ సవారీకి రుజువు చూపడం కష్టమవుతుంది.

నా దారికి నేను లెక్క ఎలా వేసుకోవాలి?

మూడు అంకెలు కావాలి. మొదట మీ నిజమైన మైలేజీ: ట్యాంకు నిండా కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి, వారం తిరిగి మళ్లీ నిండా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మైలేజీ. రెండోది, మీరు వెళ్లే టైంలోనే రెండు వారాల పాటు యాప్‌లో కనిపించే రేటు, రెండు పూటలా. బుక్ చేయక్కర్లేదు, చూస్తే చాలు. మూడోది, నెలకి నిజంగా వెళ్లే రోజులు. సెలవులు, పండగలు తీసేసి.

```
గిట్టుబాటు రోజులు = నెలవారీ కదలని ఖర్చు ÷ (యాప్ రోజు ఖర్చు − బండి రోజు ఖర్చు)
```

గోపాలపట్నం నుంచి సిరిపురం వెళ్లే ఒకరి అంకెలు పెట్టి చూద్దాం. ఒక వైపు 11 కిలోమీటర్లు, యాప్ బైక్ రానూ పోనూ 200, కొత్త స్కూటర్, ఆఫీసుకి నెలకి 12 రోజులు. బండి రోజు ఖర్చు 22 కిలోమీటర్లకి 70. తేడా 130. 1,500ని 130తో భాగిస్తే పదకొండున్నర. ఆయన వెళ్లేది 12 రోజులు, అంటే డబ్బులో రెండూ ఒకటే. అక్కడ నిర్ణయం రూపాయల చేతిలోంచి జారి రెండు ప్రశ్నల మీదికి పోతుంది: ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా రోజూ తనే తోలడానికి ఇష్టమేనా, సిరిపురంలో ఆఫీసు కింద బండి పెట్టే చోటు ఖాయంగా దొరుకుతుందా. రెండోదానికి జవాబు "లేదు" అయితే పార్కింగ్ వెతికే పది నిమిషాలు పొద్దున యాప్ ఎదురుచూపుని మింగేస్తాయి, ఆయన యాప్ బైక్ ఎక్కడమే మేలు.